“ఈరోజు ప్యాలెస్ మూసేశారండీ!”

బ్యాంకాక్ వెళ్లిన మనవాళ్లు ముందుగా చూడాలనుకునేది గ్రాండ్ ప్యాలెస్. ఆ ప్రహరీగోడ చుట్టూ దశాబ్దాలుగా ఒకే మోసం నడుస్తోంది. బెదిరింపు లేదు, జేబు కొట్టడం లేదు. అంతా మర్యాదగానే సాగుతుంది. అందుకే చదువుకున్నవాళ్లు కూడా పడిపోతారు.

విజయవాడ నుంచి వెళ్లిన దంపతులు ఉదయం పది గంటలకు ఆ గోడ పక్కన నడుస్తున్నారనుకుందాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన నవ్వుతూ పలకరిస్తాడు. ఏ దేశమో, ఎన్ని రోజులుంటారో కనుక్కుంటాడు. తర్వాత అసలు మాట: “ఈరోజు లోపల పూజలున్నాయి, మధ్యాహ్నం దాకా ఎవరినీ వదలరు.” చేతిలోని మ్యాపు తీసుకుని నాలుగు గుళ్లకు గుర్తులు పెడతాడు. “ఈలోపు ఇవి చూసి రండి, టుక్‌టుక్‌కి 20 బాత్‌లు ఇస్తే చాలు” అంటాడు. బండి అక్కడే ఉంటుంది.

అబద్ధం అతికేలా చెప్పడంలోనే ఉంది నేర్పంతా. రాచకుటుంబం కార్యక్రమాలున్నప్పుడు ప్యాలెస్‌లో కొన్ని భాగాలను నిజంగానే మూస్తారు. మామూలు రోజుల్లో మాత్రం ఉదయం ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు టిక్కెట్లు ఇస్తారు. తీరా చూస్తే ఆ దంపతులు నిలబడ్డది ప్రవేశద్వారం దగ్గర కాదు, దానికి దూరంగా గోడ మలుపులో. అక్కడి నుంచి చూస్తే మూసిన తలుపులే కనిపిస్తాయి మరి!

ఇక 20 బాత్‌ల లెక్క చూడండి. మన డబ్బుల్లో 50 రూపాయల పైచిలుకు. ఆ ఊళ్లో మీటరు ట్యాక్సీ ఎక్కగానే పడేదే 35 బాత్‌లు. అలాంటిది నాలుగు చోట్ల తిప్పి, ప్రతి గుడి దగ్గరా వేచి ఉంటే పెట్రోలు ఖర్చయినా రాదు. ఆ తేడా భరించేది దుకాణాలు. గిరాకీని తీసుకొచ్చినందుకు డ్రైవరుకు పెట్రోలు కూపన్ ఇస్తాయి, సరుకు అమ్ముడైతే కమీషన్ కూడా ముట్టజెబుతాయి. ఇంత చవకగా ఎవరైనా తిప్పుతానంటే బండి ఎక్కకముందే అనుమానించాలి.

మొదట నిజంగానే ఓ చిన్న గుడికి తీసుకెళతారు. అక్కడ ఇంకో అపరిచితుడు తారసపడి, మాటల్లో మాటగా తానూ రత్నాలు కొన్నానని, సొంత దేశంలో రెట్టింపు ధరకు అమ్ముకున్నానని చెబుతాడు. పన్ను లేని ప్రభుత్వ అమ్మకం ఈరోజుతో ఆఖరంటాడు. ముందు కనిపించిన పెద్దమనిషికీ ఈయనకూ సంబంధమే లేనట్టుంటుంది. ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకే మాట చెబితే నమ్మకం కుదురుతుంది కదా! తర్వాతి మజిలీ రత్నాల దుకాణం.

అక్కడ అమ్మే నీలాలు చాలాసార్లు అసలైనవే. నాణ్యత మాత్రం నాసిరకం, ధర విలువకు ఎన్నో రెట్లు. గాజుముక్క అంటగడితే పట్టుబడతారు, నాసిరకం రాయికి సర్టిఫికెట్ జతచేస్తే “బేరం మీరే ఒప్పుకున్నారు” అనవచ్చు. ఇంటికి పోస్టులో పంపిస్తామని కూడా అంటారు. కొన్నవాళ్లు ఆ ఊళ్లో ఉండగానే మరో నగల వ్యాపారికి రాయి చూపించే వీలు లేకుండా చేయడానికే అది.

తప్పించుకోవడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. ప్యాలెస్ తెరిచి ఉందా లేదా అన్నది టిక్కెట్ కౌంటరు దాకా నడిచి అక్కడే అడగాలి. తిరుమలలో “దర్శనం నేను చేయిస్తా” అనే దళారీని దాటుకుని నేరుగా దేవస్థానం కౌంటరుకు వెళ్లేవారికి ఇది కొత్తేమీ కాదు. మోకాళ్లూ భుజాలూ కప్పే బట్టలు వేసుకుంటే, “ఈ దుస్తులతో రానివ్వరు” అంటూ ఆపే అవకాశమూ ఉండదు.

ప్రయాణాన్ని ముందే ఖాయం చేసుకుంటే సగం బెడద పోతుంది. మెట్రోలో సనమ్ చాయ్ స్టేషన్‌లో దిగితే ప్యాలెస్‌కు నడిచి పోవచ్చు. చావో ఫ్రాయా నదిలో తిరిగే పడవలో వస్తే తా చాంగ్ రేవు మరీ దగ్గర. ట్యాక్సీయే కావాలంటే కూర్చోకముందే “మీటర్?” అని అడగాలి. డ్రైవరు తల అడ్డంగా ఊపినా, ఓ రేటు చెప్పినా తలుపు వేసేసి తర్వాతి బండిని ఆపడమే. టుక్‌టుక్‌లో సరదాగా తిరగాలనుంటే తిరగవచ్చు. మనం చెప్పిన చోటికి, ముందే మాట్లాడుకున్న ధరకు, మధ్యలో ఏ దుకాణం దగ్గరా ఆగకుండా వస్తేనే ఎక్కాలి.

అప్పటికే కొనేసి ఉంటే ఊరు దాటకముందే కదలాలి. టూరిస్ట్ పోలీసు నంబరు 1155. రసీదు, సర్టిఫికెట్, దుకాణం బోర్డు ఫొటో దగ్గరుంచుకుని ఫోన్ చేయాలి. కార్డుతో చెల్లించినవారు ఆరోజే బ్యాంకుకూ చెప్పాలి. విమానం ఎక్కాక ఫిర్యాదు చేస్తే దుకాణదారుతో ముఖాముఖి మాట్లాడించే వీలుండదు, డబ్బు రాబట్టడం చాలా కష్టమవుతుంది.