మీటరు పొడవులో కోటీ తొమ్మిది లక్షల అలలు

కిటికీలకు నల్లగుడ్డ కట్టి, తలుపు మూసి, హైడ్రోజన్ ట్యూబుకు స్విచ్ వేస్తాం. జానెడు గాజు గొట్టం, నడుమ దారంలా సన్నబడిన భాగం, అందులో గులాబీ రంగు వెలుగు. కంటికి కనిపించేది అంతే. అదే వెలుగును స్పెక్ట్రోమీటరులో పెట్టిన గ్రేటింగ్ గుండా చూస్తే గులాబీ రంగు ఎక్కడా ఉండదు. చీకట్లో, దూరదూరంగా, మూడు నిలువు గీతలు నిలబడి ఉంటాయి. ఎర్రగా నిప్పుకణిక లాంటిది ఒకటి. నీలమో ఆకుపచ్చో తేల్చుకోలేని రంగులో రెండోది. ఊదా రంగులో, కాస్త కళ్లు చికిలిస్తేగాని దొరకనిది మూడోది. నాలుగో గీత కూడా ఉంది, కానీ చాలామంది కంటికి ఆనదు.

డిగ్రీ విద్యార్థులకు ఈ ప్రయోగం ఎన్నో ఏళ్లు చేయించాను. ఈ మూడు గీతల స్థానాలు కొలిచి ఒకే ఒక సంఖ్య రాబట్టడం ఇందులో పని. దాని పేరు రిడ్బర్గ్ స్థిరాంకం. హైడ్రోజన్‌కు దాని విలువ మీటరుకు 1,09,67,758. మీటరుకు ఇన్ని అంటే ఏమిటని విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. హైడ్రోజన్ అణువు కాదు, పరమాణువు, తనలోని ఎలక్ట్రాన్ మెట్లు దిగేటప్పుడు వెలుగు వదులుతుంది. పూర్తిగా విడిపోయే అంచు నుంచి అట్టడుగు మెట్టు దాకా ఒక్క దూకులో దిగితే వచ్చే అల అన్నిటికన్నా పొట్టిది, దాదాపు 91 నానోమీటర్లు. అలాంటి అలలను వరసగా పేర్చుకుంటూ పోతే ఒక మీటరు పొడవులో కోటీ తొమ్మిది లక్షల చిల్లర పడతాయి. ఆ లెక్కే ఈ స్థిరాంకం. ఆ అల కంటికి కనిపించదు, మన ల్యాబులో దొరకదు. మనకు దొరికేవి రెండో మెట్టు మీదికి దిగే అలలు. వాటికి సూత్రం ఇది:

1/λ = R (1/2² − 1/n²)

ఇందులో λ అల పొడవు, అంటే తరంగదైర్ఘ్యం. n అనేది ఎలక్ట్రాన్ ఏ మెట్టు నుంచి దిగిందో చెప్పే సంఖ్య. ఎరుపుకు 3, నీలి ఆకుపచ్చకు 4, ఊదాకు 5. పరమాణువులో మెట్లున్నాయని నీల్స్ బోర్ 1913లో చెప్పాడు. సూత్రం మాత్రం అంతకు ముందే పుట్టింది. స్విట్జర్లాండ్‌లో బాసెల్ నగరంలో బాలికల పాఠశాలలో పాఠాలు చెప్పే యోహాన్ బామర్ 1885లో, అరవయ్యో ఏట, నాలుగు గీతల తరంగదైర్ఘ్యాలను పట్టుకుని కూర్చుని వాటిలోని భిన్నాలను పసిగట్టాడు. ఆ నాలుగు కొలతలూ స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ గ్రేటింగ్‌తోనే తీసినవి. తర్వాత స్వీడన్‌కే చెందిన యోహానెస్ రిడ్బర్గ్ దాన్ని ఇతర మూలకాలకూ పనికొచ్చేలా, ఇప్పుడు మనం రాసే రూపంలోకి తెచ్చాడు. కాబట్టి ఈ సంఖ్యకు పుట్టినిల్లు గ్రేటింగే.

గ్రేటింగ్ అంటే అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద గాజు పలక. దానిమీద అంగుళానికి 15,000 గీతలు సమాన దూరంలో ఉంటాయి. పక్కపక్క గీతల మధ్య దూరం 2.54 సెంటీమీటర్లను 15,000తో భాగిస్తే వస్తుంది, 1693.3 నానోమీటర్లు. దీన్ని d అంటాం. పక్కపక్క సందుల్లోంచి వచ్చిన వెలుగు ఒక కోణంలో బయల్దేరినప్పుడు ఒకటి రెండోదానికన్నా d sin θ అంత ఎక్కువ దూరం నడుస్తుంది. ఆ ఎక్కువ సరిగ్గా ఒక అల పొడవైతే అన్ని సందుల అలలూ అడుగు కలిపి ఒకే దిక్కుకు సాగుతాయి. అక్కడ గీత మెరుస్తుంది. ఒక్కో రంగుకు అల పొడవు వేరు గనుక ఒక్కో రంగు ఒక్కో కోణంలో మెరుస్తుంది. కోణం కొలిస్తే అల పొడవు చేతికి వచ్చినట్టే.

ఈ లెక్కంతా వెలుగు గ్రేటింగ్ మీద నిటారుగా పడుతుందన్న షరతు మీద నడుస్తుంది. అందుకే అసలు కొలతకన్నా ముందు సర్దుబాటుకే ఎక్కువ సమయం పడుతుంది. ముందు టెలిస్కోపును దూరపు చెట్టు మీదకో కరెంటు స్తంభం మీదకో తిప్పి ఫోకస్ చేయాలి. స్లిట్‌ను సూటిగా చూసి, అక్కణ్నుంచి టెలిస్కోపును సరిగ్గా 90 డిగ్రీలు తిప్పి బిగించాలి. అప్పుడు గ్రేటింగ్‌ను బల్ల మీద పెట్టి, గాజు మీద ప్రతిఫలించిన స్లిట్ బొమ్మ క్రాస్‌వైరు మీదికి వచ్చేదాకా బల్లను తిప్పాలి. ఆ స్థితిలో గ్రేటింగ్ వెలుగుకు 45 డిగ్రీల ఏటవాలులో ఉంటుంది. అక్కణ్నుంచి బల్లను ఇంకో 45 డిగ్రీలు తిప్పితే గ్రేటింగ్ వెలుగుకు అడ్డంగా నిలుస్తుంది.

తొందరపడి ఈ మెట్టు ఎగ్గొట్టినవారిని గీతలే పట్టిస్తాయి. గ్రేటింగ్ 3 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉందనుకుందాం. ఎర్రగీత ఒకవైపు 22 డిగ్రీల 35 నిమిషాల దగ్గర, రెండోవైపు 23 డిగ్రీల 6 నిమిషాల దగ్గర కనిపిస్తుంది. రెండువైపులా అరడిగ్రీ తేడా! సగటు తీస్తే మాత్రం తప్పు రెండు మూడు నిమిషాలకు దిగుతుంది. గీతను ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి చూసి, రెంటి మధ్య కోణంలో సగం తీసుకోమని చెప్పేది అందుకే. ఎదురెదురుగా ఉన్న రెండు వెర్నియర్లూ చదవమనేదీ ఇలాంటి కారణానికే. స్కేలు కేంద్రం, టెలిస్కోపు తిరిగే కేంద్రం ఒకటి కాకపోతే ఒక వెర్నియర్ ఎక్కువ చూపినంత రెండోది తక్కువ చూపుతుంది.

ఇక ఒక రోజు కొలతలు చూద్దాం. ఎర్రగీత ఎడమ, కుడి స్థానాల మధ్య కోణం 45 డిగ్రీల 38 నిమిషాలు. సగం 22 డిగ్రీల 49 నిమిషాలు. దాని సైన్ 0.38778. d తో గుణిస్తే అల పొడవు 656.65 నానోమీటర్లు. అంటే మీటరుకు 15,22,881 అలలు. n = 3 అయితే కుండలీకరణం విలువ 5/36. భాగిస్తే R సుమారు 1,09,64,700. ఇదే దారిలో నీలి ఆకుపచ్చ గీతకు సగం కోణం 16 డిగ్రీల 41 నిమిషాలు, అల పొడవు 486.13, R సుమారు 1,09,71,000. ఊదాకు 14 డిగ్రీల 52 నిమిషాలు, 434.46 నానోమీటర్లు, R సుమారు 1,09,60,500.

మూడు రంగులు, మూడు కోణాలు, మూడు భిన్నాలు. అయినా వచ్చింది దాదాపు ఒకే సంఖ్య. ఎన్నిసార్లు చూసినా నాకు ఇక్కడ ఒళ్లు పులకరిస్తుంది. సూత్రం నిజమో కాదో ఒక గీత చెప్పలేదు. ఒక గీత నుంచి ఏదో ఒక R వచ్చి తీరుతుంది. మూడూ ఒకే మాట మీద నిలబడటమే సాక్ష్యం. ఊదా గీతకు పొరపాటున n = 4 వేస్తే R ఒక్కసారిగా కోటీ ఇరవై రెండు లక్షలకు ఎగురుతుంది, తప్పు వెంటనే తెలిసిపోతుంది. ట్యూబులో రెండు పరమాణువులు జంటగా ఉన్న హైడ్రోజన్ అణువులు కూడా ఉంటాయి, వాటివి ఎరుపుకు నీలానికి మధ్య బోలెడు మసక గీతలు. 580 నానోమీటర్ల దగ్గర గీతను ఎవరైనా లెక్కలోకి తెస్తే n విలువ 3.28 అని వస్తుంది. మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య ఇంకో మెట్టు లేదు. ఆ గీత పరమాణువుది కాదు.

అయితే మూడూ ఏకమై తప్పు చెప్పే సందర్భం ఒకటుంది. ఒక ఏడాది ఒక జట్టుకు మూడు గీతల నుంచీ కోటీ పది లక్షలు దాటిన R వచ్చింది. మూడూ చక్కగా ఒకదానికొకటి దగ్గరే. కోణాలు మళ్లీ చదివారు, లెక్క మళ్లీ చేశారు, మారలేదు. చివరికి హైడ్రోజన్ ట్యూబు తీసి సోడియం దీపం పెట్టించాను. 589.3 రావలసిన పసుపు గీత 583 దగ్గర చూపించింది. గ్రేటింగ్ చట్రం మీద రాసిన అంకెకూ, అసలు గీతలకూ నూటికి ఒక వంతు తేడా ఉంది. మూడు విలువలు చెల్లాచెదురైతే కోణం చదవడంలో లోపం. మూడూ కలిసి ఒకే పక్కకు జరిగితే d లో లోపం. అప్పట్నుంచి d ని సోడియంతో తేల్చుకున్నాకే హైడ్రోజన్ జోలికి వెళ్తున్నాం.

మన మూడు విలువల సగటు 1,09,65,400. అసలు విలువకు తేడా 2,300 చిల్లర, పదివేలకు రెండు వంతులు. విద్యార్థులు ఇక్కడ సంబరపడతారు, నేను ఒక లెక్క చేయమంటాను. మన స్పెక్ట్రోమీటరు చూపగల కనిష్ఠ కోణం ఒక నిమిషం. ఎర్రగీత సగం కోణంలో ఒక్క నిమిషం తేడా వస్తే అల పొడవు 0.45 నానోమీటర్లు మారుతుంది, R ఏడున్నర వేలు మారుతుంది. ఊదాలో అల చిన్నది గనుక అదే నిమిషం R ను పన్నెండు వేలు కదిలిస్తుంది. కాబట్టి 2,300 తేడా మన నేర్పు కాదు, తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం. నిజాయితీగా రాయాలంటే 1.097 కోట్లు అని ఆపాలి, చివరి అంకె కూడా కాస్త అటూఇటూ కావచ్చని చెప్పాలి.

ఆ ఒక్క నిమిషం చాటున ఏమేమి దాగి ఉన్నాయో చూడండి. వెలుగు గాలిలో కాస్త నెమ్మదిస్తుంది, అల ఆ మేరకు పొట్టిదవుతుంది. దాన్ని పట్టించుకోకపోతే R మూడు వేలు ఎక్కువగా వస్తుంది. పుస్తకాల్లో R కు ఇంకో విలువ, 1,09,73,732, కూడా కనిపిస్తుంది. అది కేంద్రకం కదలనే కదలదనుకుంటే వచ్చేది. నిజానికి ఎలక్ట్రాన్‌కన్నా 1836 రెట్లు బరువైన ప్రోటాన్ కూడా కాస్త ఊగుతుంది, అందుకే హైడ్రోజన్ విలువ ఆరు వేలు తక్కువ. మన వెర్నియర్‌కు ఈ రెండూ కనిపించవు.

కనిపించే గ్రేటింగ్ న్యూయార్క్‌లో ఉండేది. కేంద్రకం రెట్టింపు బరువైతే ఊగడం సగానికి తగ్గి, R మూడు వేలు పెరగాలి. ఎర్రగీత 0.18 నానోమీటర్లు నీలం వైపు జరగాలి. 1931లో కొలంబియా విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ యూరీ, జార్జ్ మర్ఫీ 21 అడుగుల గ్రేటింగ్ వర్ణపటమాపకంతో ఆ చోటు కోసమే వెతికారు. ద్రవ హైడ్రోజన్‌ను ఆవిరి చేస్తూ పోతే బరువైన పరమాణువులు అడుగున ఎక్కువగా మిగులుతాయని లెక్కగట్టి, వాషింగ్టన్‌లో ఫెర్డినాండ్ బ్రిక్‌వెడ్ చేత అలాంటి వాయువు తయారు చేయించి తెప్పించారు. ఫొటో ప్లేటు మీద దట్టమైన మామూలు గీతకు మిల్లీమీటరు పైచిలుకు దూరంలో, లెక్క చెప్పిన చోటే, సన్నని గీత ఒకటి తేలింది. మామూలు హైడ్రోజన్‌లో లీలగా ఉన్న ఆ గీత, తెప్పించిన వాయువులో చిక్కబడింది. ఆ గీత డ్యుటీరియానిది.