పడుకునే వేళ నుంచి వెనక్కి లెక్క: హోంవర్క్ గురించి క్లాస్ టీచర్‌కు ఒక ఉత్తరం

హోంవర్క్ ఎక్కువైందని తల్లిదండ్రులు టీచర్‌కు రాసే ఉత్తరాల్లో చాలావరకు ఒకటే మాట ఉంటుంది: పిల్లకు నిద్ర చాలడం లేదు, కాస్త తగ్గించండి. మాట నిజమే కావచ్చు. కానీ ఎంత తగ్గించాలో, ఏది తగ్గించాలో అందులో ఉండదు కాబట్టి టీచర్ చేయగలిగేదీ పెద్దగా ఉండదు. అదే వారంలో ఇంకో ఇంటి నుంచి, హోంవర్క్ సరిగా ఇవ్వడం లేదనే ఫిర్యాదు ఆమెకు వచ్చి ఉంటుంది. పని జరిపించే ఉత్తరం లెక్కతో మొదలవుతుంది. ఆ లెక్క హోంవర్క్ దగ్గర కాక, పిల్ల పడుకోవలసిన వేళ దగ్గర మొదలు కావాలి.

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. ఏడో తరగతి చదివే పన్నెండేళ్ల అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. స్కూలు బస్సు ఉదయం 7 గంటలకు వస్తుంది కాబట్టి 6 గంటలకు లేవాలి. కనీసం 9 గంటలు నిద్రపోవాలంటే రాత్రి 9 గంటలకల్లా కన్ను మూతపడాలి. సాయంత్రం బస్సు దిగేది 5.15కి. స్నానం, టిఫిను, వీధిలో కాసేపు ఆట అయ్యేసరికి 6.30 అవుతుంది. అన్నం తిని, పుస్తకాలు సర్దుకుని, కాసేపు ఊరికే కూర్చుని పడుకోవాలంటే 7.45కి చదువు ముగియాలి. అంటే హోంవర్క్‌కు ఆ ఇంట్లో ఉన్న చోటు గంటా పావు. ఆటను మింగేస్తే ఇంకో అరగంట దొరుకుతుంది కానీ, రోజంతా బెంచీ మీద కూర్చుని వచ్చిన పిల్లకు అది మంచి బేరం కాదు.

ఆ పిల్ల నిజంగా హోంవర్క్‌కు వెచ్చిస్తున్నది రెండు గంటల ముప్పావు అనుకుందాం. మధ్యలో అన్నం తిని మళ్లీ కూర్చుంటుంది, 10.30కి పడుకుంటుంది. రోజుకు గంటన్నర నిద్ర తగ్గుతోంది. శనివారం కూడా బడి ఉంటుంది కాబట్టి వారానికి ఆరు రాత్రుల తరుగు 9 గంటలు, అంటే సరిగ్గా ఒక పూర్తి రాత్రి.

పోయింది విశ్రాంతి మాత్రమే అయితే ఆదివారం తీర్చుకోవచ్చు. పగలు చదివినది స్థిరపడేది నిద్రలోనే. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో వస్తుంది, కలలు వచ్చే దశ తెల్లవారుజామున ఎక్కువ. ఆలస్యంగా పడుకున్న పిల్లను అలారం పెట్టి లేపినప్పుడు బాగా కోతపడేది ఆ చివరి దశ. లాస్ ఏంజెలిస్‌లో 535 మంది హైస్కూలు విద్యార్థుల రోజువారీ డైరీలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. మామూలు కంటే ఎక్కువసేపు చదవడం కోసం నిద్ర తగ్గించుకున్న మర్నాడు, వాళ్లకు క్లాసులో పాఠం అర్థం కాకపోవడం, పరీక్ష సరిగా రాయలేకపోవడం ఎక్కువైందని అందులో తేలింది. రాత్రి చదివిన గంట మర్నాడు క్లాసులో పోతుందన్నమాట. ఉత్తరంలో టీచర్‌కు పట్టే వాదన ఇదే, ఎందుకంటే పోయేది ఆమె పీరియడే.

ఉత్తరం రాసేముందు కనీసం పది బడిరోజుల పాటు ఒక కాగితం మీద లెక్క రాసుకోవాలి. ఏ సబ్జెక్టు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయింది, పక్క ఎక్కింది ఎన్నింటికి, అంతే. ఈ కాగితం ముందుగా ఇంటినే పరీక్షిస్తుంది. హోంవర్క్ మధ్యలో ఫోను, టీవీ ఎంత తిన్నాయో బయటపడుతుంది. ట్యూషన్‌కు వెళ్లే పిల్లకైతే ఆ గంటన్నర కూడా కాగితం మీదికి రావాలి. దాన్ని దాచి స్కూలును తప్పుపడితే టీచర్‌కు ఇట్టే తెలిసిపోతుంది. క్లాసులో అందరికీ గంట పట్టే పని ఒక్క పిల్లకే రెండు గంటలు పడుతుంటే అది వేరే సంగతి. కంటి చూపో, రాతలో ఇబ్బందో ఉందేమో చూపించుకోవాలి. అందుకే అదే సెక్షన్‌లో ఇంకో రెండు ఇళ్లలో ఎంతసేపు పడుతోందో కనుక్కోవడం మంచిది. అయితే క్లాసు వాట్సాప్ గ్రూపులో కాదు. అక్కడ వేసిన ప్రశ్న పది నిమిషాల్లో ఫిర్యాదుగా మారి ప్రిన్సిపాల్ ఫోనుకు చేరుతుంది. ఆ తర్వాత టీచర్‌కు సర్దుబాటు చేయాలని ఉన్నా, ముందు తనను తాను సమర్థించుకోవలసి వస్తుంది.

ఇలాంటి కాగితాల్లో సాధారణంగా బయటపడే విషయం ఒకటుంది. ఎక్కువ సమయం తినేది చదవడమూ కాదు, ఆలోచించడమూ కాదు, ఎక్కించడం. సోషల్, సైన్స్ ప్రశ్న-జవాబులను గైడులో నుంచో, బోర్డు మీద నుంచి దించుకున్న రఫ్ నోట్సులో నుంచో ఫెయిర్ నోట్సులోకి మార్చడానికే గంట పోతుంది. మన ఉదాహరణలో భారమైన రోజు ఇలా ఉంటుంది: జవాబులు ఎక్కించడం గంట, పదిహేను లెక్కలకు 40 నిమిషాలు, హిందీ కాపీరైటింగ్‌కు 25 నిమిషాలు, మర్నాటి స్లిప్ టెస్టు చదువుకు 40 నిమిషాలు. ఏ ఒక్క టీచర్ ఇచ్చిందీ అన్యాయం కాదు. ఒకరు ఇచ్చింది ఇంకొకరికి తెలియకుండా నలుగురూ ఒకే రోజు ఇవ్వడంతోనే చిక్కు. మంగళవారం నోటు పుస్తకం తెరవనక్కర లేకపోవచ్చు, గురువారం పది దాటవచ్చు. ఈ నాలుగూ ఒకచోట కనిపించేది క్లాస్ టీచర్‌కే. ఉత్తరం సబ్జెక్టు టీచర్‌కో ప్రిన్సిపాల్‌కో కాక ఆమెకే వెళ్లడానికి కారణం అదే.

అలాంటి ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. దాని నమూనా ఇలా ఉండవచ్చు:

"మేడమ్ గారికి నమస్కారం. మీ సెక్షన్‌లో చదువుతున్న మా అమ్మాయి హోంవర్క్ గురించి రాస్తున్నాను. గత పది బడిరోజులు ఏ సబ్జెక్టుకు ఎంతసేపు పట్టిందో రాసి పెట్టిన కాగితం దీనికి జతచేశాను. సోమ, గురువారాల్లో రెండు గంటల ముప్పావు పడుతోంది, పడుకునేసరికి పదిన్నర అవుతోంది. ఉదయం ఆరింటికే లేపాలి. అమ్మాయి ట్యూషన్‌కు వెళ్లదు. హోంవర్క్ అయ్యేదాకా ఫోను ఇవ్వడం లేదు. ఆదివారం తనంతట తాను ఎనిమిదిన్నర దాకా లేవడం లేదు. మొదటి రెండు పీరియడ్లలో మగతగా ఉంటోందేమో మీరు ఒకసారి గమనించి చెప్పగలరా?

మీకు వీలైతే మూడు వారాల పాటు ఇలా చేసి చూద్దామని నా మనవి. హోంవర్క్‌కు గంటా పావు దాటితే ఎక్కడ ఆగిందో డైరీలో రాసి నేను సంతకం పెడతాను. మిగిలింది శనివారం సాయంత్రం పూర్తి చేయిస్తాను. ప్రశ్న-జవాబులన్నీ ఎక్కించే బదులు మూడింటిని సొంత మాటల్లో రాయించడం, లెక్కల్లో ఒక్కో రకానికి రెండు చొప్పున ఇవ్వడం, కాపీరైటింగ్‌ను వారాంతానికి మార్చడం కుదురుతుందేమో మిగతా టీచర్లను అడగగలరు. యూనిట్ టెస్టు అయ్యాక మార్కులు చూసుకుని, మీరు చెప్పినట్టు నడుచుకుంటాం. మీకు వీలైన రోజు స్కూలు వదిలాక వచ్చి కలుస్తాను."

ఈ ఉత్తరంలో కోరినవి అమలైతే గంట ఎక్కింపు 20 నిమిషాలకు వస్తుంది, 40 నిమిషాల లెక్కలు ఆరు లెక్కలతో 20 నిమిషాలవుతాయి, కాపీరైటింగ్ వారం మధ్యలో ఉండదు, స్లిప్ టెస్టు చదువుకు 35 నిమిషాలు మిగులుతాయి. మొత్తం గంటా పావు. పరీక్షకు చదివే సమయం తగ్గింది ఐదు నిమిషాలే, కోతంతా రాతపనిలోనే పడింది. టీచర్లు ఒప్పుకోవడానికి ఎక్కువ అవకాశం ఉన్నదీ ఇందుకే. పైగా తక్కువ రాస్తే వాళ్లకు దిద్దవలసిన నోటు పుస్తకాలూ తగ్గుతాయి.

ఉత్తరం కోరని వాటికీ కారణాలున్నాయి. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దంది. 3 నుంచి 5 తరగతులకు వారానికి 2 గంటలు, 6 నుంచి 8 తరగతులకు రోజుకు గంట, ఆపైన రోజుకు 2 గంటలు మించవద్దంది. ఏడో తరగతి తల్లి అడిగిన గంటా పావు దానికంటే ఎక్కువే. అయినా ఆ విధానాన్ని ఉత్తరంలో ఎత్తకపోవడమే మేలు. అది సిఫారసే కానీ శిక్ష ఉన్న చట్టం కాదు. దాన్ని చూపించి గట్టిగా అడిగితే టీచర్ వెంటనే యాజమాన్యం వైపు చూస్తుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు, టీచరే ఎంత సమయం సబబని అడిగితే, అప్పుడు చెప్పవచ్చు.

పొరపాటు ఎక్కువగా జరిగేది మొదటి వారంలోనే. టీచర్ సరేనంటుంది, పిల్ల ధైర్యం చేసి సగంలో ఆపుతుంది, డైరీలో సంతకం చూడని సబ్జెక్టు టీచర్ క్లాసులో నిలబెడుతుంది. అలా ఒక్కసారి జరిగితే చాలు, మర్నాటి నుంచి పిల్లే పది దాకా కూర్చుంటుంది, ఇంట్లో చెప్పదు కూడా. కాబట్టి ఏర్పాటు మిగతా టీచర్లందరికీ చేరిందని తెలిసేదాకా పిల్లను ఆపమనకూడదు.

ఏర్పాటు పనిచేస్తోందో లేదో ఆదివారం చెబుతుంది. బడి ఉన్న రోజుకూ సెలవు రోజుకూ లేచే వేళల్లో రెండు గంటలకు పైగా తేడా ఉంటే నిద్ర బాకీ ఉన్నట్టు. అది గంట లోపుకు తగ్గి, మామూలు రోజున ఒక్క పిలుపుకే లేస్తుంటే తీరుతున్నట్టు. హోంవర్క్ తగ్గినా పడుకునే వేళ మారకపోతే, మిగిలిన గంటన్నర ఎక్కడికి పోతోందో ఇంట్లోనే వెతకాలి.

తొమ్మిది, పది తరగతులకు ఇదే ఉత్తరం అంత బాగా పనిచేయదు. ఆ వయసులో నిద్ర వచ్చే వేళే గంటా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. తొమ్మిదింటికి పక్క ఎక్కించినా కునుకు పట్టదు. అక్కడ హోంవర్క్‌తో పాటు పొద్దున్నే పెట్టే స్పెషల్ క్లాసుల గురించీ అడగాలి. అవి క్లాస్ టీచర్ చేతిలో ఉండవు కాబట్టి ఉత్తరం హెడ్‌మాస్టర్‌కు వెళ్లాలి, నలుగురైదుగురు తల్లిదండ్రుల సంతకాలతో వెళ్తే మంచిది. స్టడీ అవర్లు రాత్రి దాకా నడిచే రెసిడెన్షియల్ స్కూళ్లలో పక్క ఎక్కే వేళ ఇంటి చేతిలోనే ఉండదు. అక్కడ అడగవలసింది హోంవర్క్ ఎంతని కాదు, లైట్లు ఆర్పేది ఎన్నింటికని. ఆ సంగతి చేర్పించే రోజునే కనుక్కోవాలి.