ఫోన్‌కు వచ్చే బ్యాంకు కబురు

ఖాతాలో డబ్బు పడినప్పుడు, ఖాతాలోంచి డబ్బు పోయినప్పుడు ఆ సంగతి చెబుతూ బ్యాంకు కంప్యూటర్ తనంతట తాను పంపే చిన్న కబురే అలర్ట్ మెసేజ్. దాన్ని ఏ గుమాస్తా కూర్చుని టైపు చెయ్యడు. ముందే తయారుగా ఉన్న వాక్యంలో ఖాతా నంబరు, సొమ్ము, తేదీ, కారణం, మిగిలిన నిల్వ అనే ఖాళీలను యంత్రం నింపి పంపేస్తుంది. వాక్యం ఎప్పుడూ దాదాపు ఒకటే, మారేవి ఆ ఖాళీలే. అంకెలు చదవగలిగి, ఇంగ్లీషు అక్షరాలు నాలుగు గుర్తుపట్టగలిగితే చాలు, ఇంగ్లీషు రానివాళ్లు కూడా ఈ మెసేజీలను చదవడం నేర్చుకోవచ్చు.

అయితే మెసేజ్ వెళ్లేది ఖాతాకు జతచేసిన ఫోన్ నంబరుకే. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ పథకం మొదలయ్యాక పల్లెల్లో ఆడవాళ్ల పేర చాలా ఖాతాలు తెరిచారు. ఇంట్లో ఒకటే ఫోన్ ఉన్నచోట దరఖాస్తులో భర్త నంబరో కొడుకు నంబరో రాసి ఇచ్చారు. దాంతో కూలి ఆమెది, ఖాతా ఆమెది, కబురు మాత్రం ఇంకొకరి జేబులో మోగేది. బ్యాంకుకు వెళ్లి ఫారం నింపి, గుర్తింపు కాగితాలు చూపించి సొంత నంబరు ఎక్కించుకున్న రోజు నుంచే ఆమెకు తన లెక్క తెలియడం మొదలవుతుంది.

అనంతపురం జిల్లాలో ఉపాధి పనికి వెళ్లే ఒక మహిళ అలా నంబరు మార్పించుకుందనుకుందాం. మనిషీ మెసేజీలూ కల్పితమే, తీరు మాత్రం వాస్తవం. 2025 మే మొదట్లో ఆమెకు వచ్చిన తొలి మెసేజ్ ఇలా ఉంది:

```
A/c X4417 credited by Rs 1512.00
on 06-05-25 NREGA WAGES.
Avl Bal Rs 2036.40
```

ఆమె దాన్ని ఊళ్లో వేలిముద్ర మిషన్ పెట్టుకున్న బ్యాంకు మిత్ర దగ్గరికి పట్టుకెళ్లింది. "కూలి డబ్బులు పడ్డాయి అక్కా" అని అతను ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆమె వదల్లేదు. రెండు అంకెలు ఎందుకున్నాయి, 1512 పడిందా, 2036 పడిందా అని అడిగింది. `Rs` తర్వాత మొదట వచ్చేది ఆ రోజు కదిలిన సొమ్ము. `Avl Bal` పక్కన ఉండేది ఆ కదలిక తర్వాత ఖాతాలో మిగిలిన మొత్తం. అంటే కూలి పడకముందు ఆమె ఖాతాలో 524 రూపాయల 40 పైసలు ఉన్నాయన్నమాట. `X` వెనక ఉన్న 4417 ఖాతా నంబరులో చివరి అంకెలు. మెసేజ్ వేరేవాళ్ల కంటపడినా పూర్తి నంబరు తెలియకుండా మిగతా అంకెలను దాచేస్తారు.

ఆ నాలుగు అంకెలు పాసుపుస్తకంలోని నంబరుతో కలుస్తున్నాయో లేదో చూసుకోవడం తప్పనిసరి. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలిని ఆధార్ ఆధారంగానే చెల్లిస్తున్నారు. డబ్బు, ఆధార్‌ను చివరిసారిగా ఏ బ్యాంకు ఖాతాకు జతచేశారో ఆ ఖాతాలోకి వెళుతుంది. ఆమె అనుకున్న ఖాతాలోకి వెళ్లాలని లేదు. రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నవాళ్లు కూలి పడలేదని ఒక బ్యాంకు చుట్టూ తిరుగుతుంటారు, డబ్బేమో రెండోదాంట్లో ఉంటుంది.

రెండో మెసేజ్ మే 14న వచ్చింది. ఆ రోజు ఆమె బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి వెయ్యి రూపాయలు తీసుకుంది.

```
A/c X4417 debited by Rs 1000.00
on 14-05-25 AEPS CASH WDL.
Avl Bal Rs 1036.40
```

మొదటి మెసేజ్‌కూ దీనికీ తేడా ఒక్క మాటలో ఉంది. ఆ మాట C అక్షరంతో మొదలైతే డబ్బు పడింది, D తో మొదలైతే పోయింది. `AEPS` అంటే ఆధార్ వేలిముద్రతో జరిగిన లావాదేవీ, `WDL` అంటే డబ్బు తీసుకోవడం. ఇంగ్లీషు వచ్చినవాళ్లకే అర్థంకాని ఈ పొడి అక్షరాలను పల్లె ఖాతాదారు మీదికి వదలడం బ్యాంకుల బద్ధకం తప్ప మరొకటి కాదు. ఆమెకు దారి చూపినవి అక్షరాల కంటే అంకెలే. 2036.40 లోంచి వెయ్యి తీసేస్తే 1036.40. పాత మెసేజ్‌లోని నిల్వలో కొత్త మెసేజ్‌లోని సొమ్మును కలిపితేనో తీసేస్తేనో కొత్త నిల్వ రావాలి. డ్వాక్రా సంఘంలో పొదుపు పుస్తకం రాసినవాళ్లకు ఇది కొత్త లెక్కేమీ కాదు. ఆ గొలుసు తెగిందంటే మధ్యలో ఏదో లావాదేవీ జరిగింది, దాని కబురు ఆమెకు అందలేదు. ఫోన్ ఆఫ్‌లో ఉండి మెసేజ్ రాకపోయి ఉండొచ్చు, ఇంట్లో పిల్లలు చెరిపేసి ఉండొచ్చు. కొన్ని బ్యాంకులు చిన్న మొత్తాల యూపీఐ చెల్లింపులకు మెసేజ్ పంపవు, కొన్ని మెసేజీల్లో నిల్వ ఉండదు. అలాంటప్పుడు పాసుపుస్తకం ప్రింటు వేయిస్తేనే లోపలి సంగతి తెలుస్తుంది.

మే నెలాఖరులో ఆమెను కంగారుపెట్టిన మెసేజీలు రెండు వచ్చాయి. తను ఎక్కడా వేలు పెట్టలేదు, ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. అయినా 27వ తేదీన ఒకసారి 20 రూపాయలు, ఇంకోసారి 436 రూపాయలు కట్ అయ్యాయి. నిల్వ 580.40కి దిగింది. కారణం ఉండాల్సిన చోట `PMSBY` అని ఒకదాంట్లో, `PMJJBY` అని రెండోదాంట్లో ఉంది. ఇవి బీమా వాయిదాలు. 20 రూపాయలది ప్రమాద బీమా. 436 రూపాయలది జీవిత బీమా, ప్రమాదమే కానక్కర్లేదు, జబ్బుతో పోయినా వర్తిస్తుంది. ప్రమాదంలో చనిపోతే మొదటిది, చనిపోతే రెండోది, ఒక్కోటి 2 లక్షల రూపాయలు కుటుంబానికి ఇస్తాయి. ఎప్పుడో బ్యాంకులో పెట్టిన సంతకంతో ఏటా మే నెలాఖరులో సొమ్ము దానంతటదే కట్ అయి, జూన్ 1 నుంచి మే 31 దాకా బీమా నడుస్తుంది. ఖాతాలో అప్పటికి డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. వద్దనుకుంటే బ్యాంకుకు రాసిచ్చి ఆపించుకోవచ్చు. 20 రూపాయలు కట్ అయిందని చెప్పే మెసేజ్, ఆ 20 రూపాయల వెనక 2 లక్షల బీమా ఉందని మాత్రం చెప్పదు. ఇంట్లో మనిషి పోయినప్పుడు చాలా కుటుంబాలు ఆ బీమా అడగకుండానే ఉండిపోవడానికి ఇదొక కారణం. ఈ రెండు మెసేజీలనూ చెరపకుండా ఉంచుకుని, ఇంట్లోవాళ్లకు చూపించి ఉంచడం మేలు.

జూన్ 17న మళ్లీ 1,260 రూపాయల కూలి పడి నిల్వ 1840.40 అయింది. రెండు రోజుల తర్వాత ఆమె 500 తీసుకుందామని వేలు పెడితే మిషన్‌లో ఫెయిల్ అని వచ్చింది. బ్యాంకు మిత్ర డబ్బు ఇవ్వలేదు, అది న్యాయమే. ఇంటికి వచ్చేసరికి ఫోన్‌లో 500 కట్ అయినట్టు, నిల్వ 1340.40 ఉన్నట్టు మెసేజ్ ఉంది. పల్లెల్లో ఎక్కువ తగాదాలు తెచ్చేది ఈ మెసేజే. బ్యాంకు నుంచి డబ్బు కదిలి, ఆ జవాబు మిషన్‌కు చేరేలోపు నెట్‌వర్క్ తెగితే ఇలా అవుతుంది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, అలా పోయిన సొమ్మును లావాదేవీ జరిగిన 5 రోజుల్లోపు తిరిగి ఖాతాలో వెయ్యాలి. ఆలస్యమైతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. 19న పోయిన 500 రూపాయలు 24వ తేదీ నాటికి రావాలి. 27న వస్తే 500తో పాటు 300 రావాలి. ఆమె చెయ్యాల్సింది మిషన్ ఇచ్చిన ఫెయిల్ రసీదును, ఫోన్‌లోని మెసేజ్‌ను పదిలపరచడం. 24న C తో మొదలయ్యే మాటతో 500 పడినట్టు, నిల్వ మళ్లీ 1840.40 అయినట్టు మెసేజ్ వచ్చింది. చాలామంది ఈ మెసేజ్ చూడక, బ్యాంకు మిత్రే డబ్బు మింగాడని నెలల తరబడి అనుకుంటారు.

జూలై మొదటివారంలో ఇంకో రకం మెసేజ్ వచ్చింది. ఆమె ఖాతాలో 5,000 రూపాయలు పడ్డాయట. వెంటనే ఒక ఫోన్. "అక్కా, మా నాన్న ఆపరేషన్ డబ్బులు, పొరపాటున నీ నంబరుకు వేసేశాను, తిరిగి పంపవా" అని అవతల ఏడుపు. మెసేజ్‌లో ఖాతా చివరి అంకెలు లేవు, నిల్వ లేదు. పైన పంపినవాళ్ల పేరున్నచోట పది అంకెల ఫోన్ నంబరు ఉంది. బ్యాంకు మెసేజ్ అలాంటి నంబరు నుంచి రాదు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల పేరు ఉంటుంది, 2025 నుంచి దాని చివర ఒక గీత, ఒక అక్షరం కూడా చేర్చారు: లావాదేవీలకు, సేవలకు `T` లేదా `S`, ప్రకటనలకు `P`, ప్రభుత్వ సందేశాలకు `G`. ఆమె ఫోన్ పెట్టేసి బ్యాంకు మిత్ర దగ్గర నిల్వ చూపించుకుంది. 1840.40 అలాగే ఉంది. ఎవరూ ఏమీ వెయ్యలేదు.

ఓటీపీ మెసేజ్ పని వేరు. అలర్ట్ డబ్బు కదిలాక వస్తుంది, ఓటీపీ కదలకముందు వస్తుంది. తను ఏమీ చెయ్యకుండానే ఓటీపీ వచ్చిందంటే ఎవరో ఆమె ఖాతా తలుపు తడుతున్నారని అర్థం. ఆ అంకెలు బయటికి చెప్పకపోతే వాళ్లు లోపలికి రాలేరు.

ఇక అన్నిటికంటే తొందరపెట్టే మెసేజ్, తను చెయ్యని లావాదేవీకి నిజమైన బ్యాంకు నుంచి వచ్చే D మెసేజ్. జూలై 11, శుక్రవారం రాత్రి ఆమెకు అదే వచ్చిందనుకుందాం: వేలిముద్రతో 1,500 తీసుకున్నట్టు, నిల్వ 340.40 ఉన్నట్టు. వేలిముద్రల నకళ్లతో ఇలాంటి మోసాలు తెలుగు రాష్ట్రాల్లోనూ బయటపడ్డాయి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడోవాళ్లదైతే, మెసేజ్ అందిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పినవాళ్లకు ఒక్క రూపాయి నష్టం ఉండకూడదు. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. 12 రెండో శనివారం, 13 ఆదివారం కాబట్టి అవీ రావు. సోమ, మంగళ, బుధవారాలు మిగిలాయి, అంటే 16వ తేదీ దాకా గడువు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే జన్‌ధన్ లాంటి ఖాతాల్లో ఖాతాదారు మీద పడే నష్టం 5,000 రూపాయలు మించకూడదు. ఏడు దాటితే బ్యాంకు తన విధానం ప్రకారం తేలుస్తుంది. ఓటీపీనో పిన్‌నో తనే చెప్పి పోగొట్టుకుంటే ఈ రక్షణ లేదు, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా ఖాతాదారుదే.

గడువు 16 దాకా ఉంది కదా అని ఆగడం మాత్రం తెలివి కాదు, దొంగ మర్నాడు మిగతాది కూడా తీసుకోవచ్చు. మెసేజ్ చివర ఇచ్చిన బ్యాంకు నంబరుకు ఆ రాత్రే ఫోన్ చెయ్యాలి. ఆ నంబరును పాసుపుస్తకం మీద ఉన్నదానితో పోల్చుకుని చెయ్యడం ఇంకా మంచిది. 1930కి చేస్తే సైబర్ నేరాల విభాగం ఫిర్యాదు రాసుకుంటుంది. ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకునే సౌకర్యం ఆధార్ సంస్థ ఇస్తోంది. కాకపోతే తాళం తియ్యనంతసేపు తను కూడా వేలిముద్రతో డబ్బు తీసుకోలేదు. బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబరును, అది ఇచ్చిన తేదీని రాసిపెట్టుకోవాలి. చెప్పిన రోజు నుంచి పది పనిదినాల్లోపు బ్యాంకు ఆ 1,500ను తాత్కాలికంగా ఖాతాలో జమచెయ్యాలి, 90 రోజుల్లోపు విచారణ ముగించాలి.