సమర్పణకు ముందు ఆధారాల జాబితా

డూప్లికేట్లు తీసేసి, అక్షరక్రమంలో పెట్టిన ఆధారాల జాబితాలోనూ తప్పులు దాగి ఉంటాయి. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజంకూ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ బృందం వ్యాసమే ఇందుకు ఉదాహరణ. 1998లో దాన్ని అచ్చువేసిన ‘లాన్సెట్’ పత్రికే 2010లో ఉపసంహరించింది. ఆ సంగతి జాబితాలో కనిపించదు. సమర్పించే ముందు రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో శీర్షికతో వెతకాలి. చరిత్ర కోసం ఉదహరించక తప్పకపోతే, ఉపసంహరించిన వ్యాసమని పక్కనే రాయాలి.

దాని డీఓఐ `10.1016/S0140-6736(97)11096-0`. ఇందులోని 97 చూసి సంవత్సరం 1997 అని వేస్తే తప్పే. సంవత్సరాన్ని పత్రిక సంచిక నుంచే తీసుకోవాలి. పైగా ఆ బ్రాకెట్ల దగ్గర కొన్ని సాఫ్ట్‌వేర్లు లింకును తెంచేస్తాయి. అందుకే తుది పీడీఎఫ్‌లో లింకు నొక్కి, తెరుచుకున్నది ఆ వ్యాసమేనా అని శీర్షికతో సరిచూడాలి.