పన్నెండు ఆలోచనలు, పిడికెడు చింతగింజలు

1990 ప్రాంతంలో దక్షిణాది మెట్ట పల్లెల్లో ఒక పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. నేల మీద ముగ్గుతో గళ్లు గీస్తారు. ఒకవైపు పోల్చాల్సినవి వరసగా పెడతారు, చెట్ల రకాలో పంటలో అయితే ఒక్కోదానికి ఒక కొమ్మో కంకో గుర్తుగా ఉంచుతారు. రెండోవైపు వాటిని తూచే గుణాలు ఉంటాయి. ఒక్కో గడిలో ఎన్ని చింతగింజలు వేయాలో ఊరివాళ్లే చర్చించి వేస్తారు. చదువు రానివాళ్లు కూడా లెక్క చూడగలరు, తప్పనిపిస్తే గింజ తీసి పక్క గడిలో పెట్టగలరు. బెంగళూరు కేంద్రంగా పనిచేసే మైరాడా సంస్థ ఇలాంటి పద్ధతులను విస్తృతంగా వాడి, తన శిక్షణల ద్వారా చాలామందికి నేర్పింది. ఏ వ్యాపారం మొదలుపెట్టాలో తేల్చుకోలేని సంఘానికి ఈ గళ్లు బాగా పనికొస్తాయి.

ఉదాహరణకు కళ్యాణదుర్గం వైపు పదిమంది మహిళల పొదుపు సంఘం ఒకటి ఉందనుకుందాం. వాళ్ల ముందు పన్నెండు ఆలోచనలున్నాయి: గానుగ నూనె, పల్లీపట్టీ, కొర్రబియ్యం, పొట్టేళ్లు, నాటుకోళ్లు, చింతపండు వలిచి అమ్మడం, పచ్చళ్లు, జీన్స్ కుట్టుపని, షామియానా సామాన్ల అద్దె, పాడిగేదెలు, డ్రాగన్ ఫ్రూట్ తోట, కూరగాయల నారు.

గింజలు తీసే ముందే ఒక ప్రశ్న అడగాలి. వరసగా రెండేళ్లు వానలు తప్పితే ఈ పని నిలబడుతుందా? ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే వర్షం ఆగిపోయే నేల ఇది. ఇక్కడ నీటికి మార్కులు వేయడం పొరపాటు. నీళ్లు లేక ఆగిపోయే పనిని ఎంత ఇష్టమూ నిలబెట్టలేదు కాబట్టి, మిగతా గడుల్లోని గింజలతో ఆ లోటును కప్పనివ్వకూడదు. పచ్చిమేత కావాల్సిన గేదెలు, బోరు మీద ఆధారపడే తోట, నారు ఇక్కడే పక్కకు పోతాయి. తొమ్మిది మిగులుతాయి.

ఇప్పుడు మూడు గడులు గీస్తాం: ఖర్చు, శ్రమ, ఇష్టం. ఒక్కో గడిలో ఒకటి నుంచి ఐదు గింజలు. ఎక్కడైనా గింజలు ఎక్కువ ఉంటే మనకు అనుకూలం అని ముందే ఖాయం చేసుకోవాలి. ఖర్చు తక్కువైతే ఐదు, ఎక్కువైతే ఒకటి. ఇది తేల్చుకోకపోతే ఒకరు ‘ఖర్చు ఎక్కువ’ అని ఐదు వేస్తారు, ఇంకొకరు అదే అర్థంతో ఒకటి వేస్తారు. అక్కడితో లెక్కంతా చెడుతుంది.

ఖర్చు అంటే మొత్తం పెట్టుబడి అని చాలామంది అనుకుంటారు. నేను రెండు విషయాలు చూస్తాను. మొదటి రూపాయి తిరిగి వచ్చేలోపు చేతినుంచి ఎంత పోతుంది? మధ్యలో ఆపేస్తే అందులో ఎంత వెనక్కి వస్తుంది? పొట్టేళ్లకు డబ్బు బాగానే పడుతుంది, కానీ అవసరమైతే వచ్చే సంతలోనే అమ్ముకోవచ్చు. అందుకే మూడు గింజలు. గానుగ యంత్రం కొన్నాక వద్దనుకుంటే సగం ధరకు అమ్మడం కూడా కష్టం. దానికి ఒక్కటే.

శ్రమను రోజుల్లో కాదు, నెలల్లో చూడాలి. జూన్, జులైలో వేరుశనగ విత్తనం పడితే ఆ తర్వాత కలుపు, ఆపైన కోత. అప్పుడు ఆడవాళ్ల చేతికి తీరిక ఉండదు. జనవరి నుంచి మే దాకా ఉంటుంది. ఆ ఖాళీ నెలల్లో అయ్యే పనికి గింజలు ఎక్కువ, విత్తే రోజుల్లో పిలిచే పనికి తక్కువ. ఇదే గడి పొట్టేళ్ల విషయంలో ఏడాదికో రకంగా మారుతుంది. బక్రీదుకు అమ్మాలని పెంచుతారు, ఆ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో జూన్ చివర్లో వచ్చింది, 2026లో మే చివరికి జరిగింది. అంటే బరువు పెంచాల్సిన చివరి నెలలు మేత బొత్తిగా దొరకని ఎండాకాలంలో పడతాయి. నిరుడు వేసిన గింజలు ఈ ఏడు చెల్లవు.

ఇష్టం గడిలోనే ఎక్కువ మోసం జరుగుతుంది. లీడరక్క ‘నాకు కుట్టుపని ఇష్టం’ అంటే పక్కనున్నవాళ్లు తలూపుతారు. అందుకని అందరూ గింజలు గుప్పిట్లో పట్టుకుని ఒకేసారి తెరవాలి. ఈ ఒక్క గడిలో సున్నాకూ చోటు ఉండాలి, ఇష్టం లేనివాళ్లు ఖాళీ గుప్పిటే చూపిస్తారు. నాటుకోళ్లకు పదిమందీ మూడేసి చూపించారనుకోండి, సగటు మూడు. జీన్స్‌కు ఆరుగురు ఐదేసి చూపించి, నలుగురు ఖాళీ చేతులు తెరిచారనుకోండి, దానికీ సగటు మూడే. మొదటిది అందరూ కాస్తో కూస్తో చేసే పని. రెండోది ఆరుగురి పని. రాయదుర్గంలో జీన్స్ పని ఉంది కాబట్టి ఆ ఆరుగురు వేరే దారి చూసుకోవచ్చు. సగటు ఒక్కటే రాసుకుంటే ఇదంతా కనపడదు.

ఖర్చు, శ్రమ, ఇష్టం అనే వరసలో గింజలు ఇలా పడ్డాయనుకుందాం. పల్లీపట్టీ 4, 3, 4, మొత్తం 11. నాటుకోళ్లు 4, 3, 3, మొత్తం 10. పొట్టేళ్లు 3, 2, 4, మొత్తం 9. గానుగ నూనె 1, 3, 5, అదీ 9. చింతపండు, కొర్రలు ఎనిమిదేసి. జీన్స్, పచ్చళ్లు, షామియానా ఇంకా కింద.

ఇక్కడ చాలామంది పదకొండు వచ్చినదాన్ని పట్టుకుని లేచిపోతారు. నా దృష్టిలో అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. పొట్టేళ్ల తొమ్మిది, నూనె తొమ్మిది ఒకటి కావు. నూనె అందరికీ బాగా ఇష్టం, ఒక్క ఖర్చు దగ్గరే కూలిపోయింది. ఆ గడిలో ఖర్చంతా ఎక్కడుందని అడిగితే జవాబు ఒకటే, యంత్రం. మరి యంత్రం కొనాలా? పప్పు తీసుకెళ్లి, ఉన్న మిల్లులో కూలికి ఆడించుకోవచ్చు. అప్పుడు ఖర్చుకు నాలుగు గింజలు పడతాయి.

శ్రమ గడిని కూడా మళ్లీ తెరవాలి. వంద కిలోల కాయ కొడితే సుమారు డెబ్బై కిలోల పప్పు, ఆ పప్పు నుంచి సుమారు ఇరవై ఎనిమిది కిలోల నూనె, మిగిలింది చెక్క. పంట చివర్లో వాన తప్పిన ఏడు వేరుశనగకు బూజు ఎక్కువ పట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉంటుంది. ముడుచుకున్న, రంగు మారిన పప్పును చేత్తో ఏరాల్సిందే. ఆడించాక విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది, ఆ చెక్క మేపితే పాలలోకీ వస్తుంది. ఏరివేత పని కలిపితే శ్రమ మూడు నుంచి రెండుకు దిగుతుంది. ఇప్పుడు నూనె 4, 2, 5. మొత్తం 11, పల్లీపట్టీతో సమానం. అడుగున ఉన్న గడిని ఇలా విప్పి చూడటానికే నేను గింజలు వేయమంటాను. ఏ గడిలోనైనా ఒక్క గింజే ఉంటే, మొత్తం ఎంతైనా సరే, ఆ పనిని విప్పి మార్చకుండా ముందుకు పంపకూడదు.

ఒక పరీక్ష కూడా చేయాలి. అప్పు చేసి మొదలుపెట్టేవాళ్లకు ఖర్చే ముఖ్యం కాబట్టి, ఖర్చు గింజలను రెట్టింపు చేసి మళ్లీ కూడాలి. పల్లీపట్టీ 15, నూనె 15, కోళ్లు 14, పొట్టేళ్లు 12. వరస మారలేదు, అంటే పై మూడింటిని నమ్మవచ్చు. ఒక్క గింజ అటూఇటూ జరిపితే తారుమారయ్యే తేడాను మాత్రం తేడాగా లెక్కపెట్టకూడదు. పదకొండూ పదీ సమానమే అనుకోవాలి.

ఈ మూడు గడుల్లో ఎక్కడా కొనేవాళ్లు లేరు. వాళ్లను గింజలతో ఊహించడం నాకు సరిగా అనిపించదు, సంతలో అడగాలి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అండతో 2008లో ఏర్పడిన ధరణి సహకార సంఘం వేరుశనగను, చిరుధాన్యాలను శుద్ధి చేసి అమ్ముతోంది. అక్కడికి వెళ్లి ఏది కదులుతోంది, ఏది గోడౌన్‌లో ఉండిపోతోంది అని అడగవచ్చు. తర్వాత యాభై కిలోల పప్పు కొని, సగం ఆడించి, సగం బెల్లంతో పట్టీ చేసి, రెండూ ఒకే సంతలో పెట్టాలి. మొదటి వారం చుట్టాలు, తెలిసినవాళ్లు కొంటారు, దాన్ని పక్కన పెట్టండి. మూడో వారం మళ్లీ వచ్చి అడిగినవాళ్లు నూనెకు ఎందరు, పట్టీకి ఎందరు అని విడివిడిగా రాసుకోండి.