కూర వేడెక్కేలోగా వైఫై ఎందుకు ఆగుతుంది?

ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపులో 1998 నుంచి అప్పుడప్పుడూ ఓ వింత సంకేతం నమోదవుతూ వచ్చింది. అది ఆకాశం నుంచి రావడం లేదన్న అనుమానం ఉన్నా, ఎక్కడిదో చాలాకాలం తేలలేదు. పనివేళల్లో, అందులోనూ భోజనాల పూట ఎక్కువగా వచ్చేది. 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం దాని గుట్టు విప్పింది. అక్కడి సిబ్బంది వాడే మైక్రోవేవ్ ఓవెన్ తలుపును టైమర్ అయిపోకముందే లాగేసినప్పుడు బయటపడ్డ తరంగాలే ఆ సంకేతం.

అంత పెద్ద టెలిస్కోపునే తికమకపెట్టిన ఓవెన్‌కి మన హాల్లోని రూటర్ ఒక లెక్కా! మధ్యాహ్నం ఒంటిగంటకు వంటింట్లో కూర వేడిచేస్తుంటారు, పక్కగదిలో ఆఫీసు మీటింగులో ఉన్న మనిషి బొమ్మ బిగుసుకుపోతుంది. రెండు నిమిషాల తర్వాత అన్నీ మామూలే. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ల లైను బాగానే ఉంటుంది.

వైఫైలో నెమ్మదైన 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ, ఓవెన్ పనిచేసే 2.45 గిగాహెర్ట్జ్ ఒకే చోట ఉన్నాయి. ఓవెన్ లోపల వెయ్యి వాట్ల దాకా శక్తి తిరుగుతుంది. అందులో పదివేలో వంతు బయటికి జారినా 100 మిల్లీవాట్లు, అంటే దాదాపు ఒక రూటర్ పంపేంత. ఒంటికి హాని చేసేంత కాదు గానీ వైఫైని చెడగొట్టడానికి చాలు.

అయినా వైఫై పూర్తిగా చావదు. మామూలు ఓవెన్‌లో తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ కరెంటు తిరిగే ప్రతి చుట్టులో సగంసేపే పనిచేస్తుంది. మన కరెంటు సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది కాబట్టి సుమారు 10 మిల్లీసెకన్లు రొద, తర్వాతి 10 మిల్లీసెకన్లు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే వైఫై తన మూటలను దాటిస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కొన్ని మూటలు దెబ్బతినగానే, సిగ్నల్ బలహీనపడిందనుకుని రూటర్ వేగం తగ్గిస్తుంది. దూరం వల్ల వచ్చే ఇబ్బందికి అది సరైన మందే, ఇక్కడ మాత్రం వికటిస్తుంది. 1500 బైట్ల మూట 54 మెగాబిట్ల వేగంతో పావు మిల్లీసెకనులో వెళ్లిపోతుంది. అదే 1 మెగాబిట్‌కు దిగితే 12 మిల్లీసెకన్లు పడుతుంది. పది క్షణాలే తెరిచి ఉండే రైల్వే గేటును పన్నెండు క్షణాలు పట్టే లారీ దాటబోయినట్టు, ఆ మూట ప్రతిసారీ మధ్యలో దొరికిపోతుంది.

కార్డ్‌లెస్ ఫోన్ల తీరు వేరు. 2.4 గిగాహెర్ట్జ్ రకాల్లో చాలావరకు ఆ పట్టీ అంతటా గెంతుతూ మాట్లాడతాయి కాబట్టి, రూటర్ ఛానెల్ మార్చినా తప్పించుకోలేం. ఫోన్ ఎత్తినప్పుడు తగ్గి, పెట్టేయగానే కుదుటపడితే అనుమానించాల్సింది దాన్నే. 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే డెక్ట్ రకం ఫోన్లతో ఈ తగాదా లేదు. అమెరికాలో వాటినే డెక్ట్ 6.0 పేరుతో అమ్ముతారు. ఆ ఆరు చూసి 6 గిగాహెర్ట్జ్ అనుకోవద్దు.

ఊహించడం కన్నా పరీక్షించడం తేలిక. ల్యాప్‌టాప్‌ను 2.4 వైఫైకి కలిపి, విండోస్ కమాండ్ విండోలో రూటర్ చిరునామాను పిలవండి. ఆ చిరునామా సాధారణంగా రూటర్ అడుగున ఉన్న చీటీ మీద ఉంటుంది.

```
ping -t 192.168.1.1
```

ఇంట్లోని రూటర్‌నే పిలుస్తున్నాం కాబట్టి బయటి లైను తప్పొప్పులు ఇందులో కలవవు. జవాబులు కొన్ని మిల్లీసెకన్లలో వస్తుండగా, ఓవెన్‌లో గిన్నెడు నీళ్లు పెట్టి రెండు నిమిషాలు నడపండి (ఖాళీగా మాత్రం నడపకూడదు). అంకెలు వందల్లోకి ఎగబాకినా, "Request timed out" కనిపించినా, ఓవెన్ ఆగగానే తగ్గిపోతే దొంగ దొరికినట్టే. తర్వాత 5 గిగాహెర్ట్జ్‌కి మారి మళ్లీ చూడండి, అంకెలు కదలకూడదు. ఓవెన్‌ను సగం పవర్‌లో పెడితే ఇంకా స్పష్టం: పాతరకం ఓవెన్లు కాసేపు పూర్తిగా వెలిగి కాసేపు ఆగుతాయి, ఆ లయకే వైఫై కూడా ఆగుతుంది.

మిక్సీని, ఇండక్షన్ పొయ్యిని తిట్టేవాళ్లున్నారు. ఇండక్షన్ పొయ్యి పనిచేసే కిలోహెర్ట్జ్‌లకీ వైఫైకీ చాలా దూరం. మిక్సీ వేయగానే రూటర్ దీపాలన్నీ ఆరి మళ్లీ వెలిగాయంటే అది తరంగాల గొడవ కాదు, వోల్టేజీ పడిపోవడం.

మందు తేలికే. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 5 గిగాహెర్ట్జ్‌కి మారాలి. గోడలు దాటడంలో అది వెనకబడుతుంది కాబట్టి చివరి గదిలో అందకపోవచ్చు. ఫ్రిజ్ మీద ఉన్న రూటర్‌ను ఓవెన్‌కి కొన్ని మీటర్లు దూరం జరపాలి. 2.4 తప్ప మరోటి తెలియని కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గుల కోసం రూటర్‌ను 1వ ఛానెల్‌లో పెట్టి చూడొచ్చు, ఎందుకంటే చాలా ఓవెన్ల రొద పట్టీ మధ్య నుంచి పైభాగంలోనే ఎక్కువ. కొన్ని ఓవెన్లు మాత్రం పట్టీ మొత్తం ఆక్రమిస్తాయి. అలాంటిచోట ఆ కెమెరా కూర వేడెక్కేదాకా ఆగాల్సిందే.