999, 995: కిలోకు 4 గ్రాముల తేడా

బంగారు కడ్డీ మీద ముద్రించే 999, 995 అంకెలు వెయ్యి పాళ్లలో ఎన్ని పాళ్లు బంగారమో చెబుతాయి. 999 కిలో కడ్డీలో కనీసం 999 గ్రాముల బంగారం ఉండాలి, 995 కడ్డీలో 995 గ్రాములు. రెంటినీ వ్యాపారంలో 24 క్యారెట్లనే అంటారు. 995ని చూసి కల్తీ సరుకనుకోవడం పొరపాటు. అది శుద్ధి చేసే పద్ధతిని బట్టి స్థిరపడిన అంకె.

1867లో ఫ్రాన్సిస్ బోయర్ మిల్లర్ పేటెంటు పొందిన పద్ధతిలో, కరిగిన బంగారంలోకి క్లోరిన్ వాయువును పంపుతారు. వెండి, రాగి వంటి లోహాలు క్లోరైడ్లుగా మారి వేరైపోతాయి. పని త్వరగా, చవకగా అయిపోతుంది. కానీ స్వచ్ఛత 99.5 శాతం దాటాక ఇంకా క్లోరిన్ పంపితే బంగారం కూడా క్లోరైడై ఆవిరితో పోవడం మొదలవుతుంది. అందుకే చాలాసార్లు అక్కడితో ఆపేస్తారు. అంతకు మించి శుద్ధి కావాలంటే ఆ లోహాన్నే పలకలుగా పోసి, ఎమిల్ వోల్‌విల్ రూపొందించిన విద్యుద్విశ్లేషణ తొట్లలో వేస్తారు. 9999 దాకా తేవచ్చు గాని, రోజులు పడుతుంది, అంతకాలం బంగారం తొట్లలోనే చిక్కుకుని ఉంటుంది.

పెద్ద ఎత్తున నిల్వ చేసే చోట 995 చాలు. లండన్ బులియన్ మార్కెట్ ఒప్పుకొనే సుమారు పన్నెండున్నర కిలోల కడ్డీకి కనీస స్వచ్ఛత 995. కేంద్ర బ్యాంకుల ఖజానాల్లో పేర్చి ఉండేవి ఎక్కువగా ఈ తరహావే. అక్కడ లెక్క కట్టేది కడ్డీ మొత్తం బరువును కాదు, అందులోని అసలు బంగారం బరువును. మన ఎంసీఎక్స్‌లో కిలో బంగారం కాంట్రాక్టు కూడా 995 మీదే నడుస్తుంది. ఎవరైనా 999 కడ్డీ అప్పగిస్తే ఆ నిష్పత్తిలో ధర పెంచి ఇస్తారు. చేతికిచ్చే చిన్న నాణేలు, బిస్కెట్ల విషయంలో మాత్రం 999దే రాజ్యం. 2015లో కేంద్రం తెచ్చిన ఇండియా గోల్డ్ కాయిన్ స్వచ్ఛత కూడా 999. చిప్‌లలో వెంట్రుక కన్నా సన్నని తీగలు లాగడానికైతే 9999 కావాలి.

ధరలో తేడా సూటిగా ఉంటుంది. 10 గ్రాముల 999 ధర 1,00,000 రూపాయలనుకుంటే, 995 ధర దాన్ని 995తో గుణించి 999తో భాగిస్తే వస్తుంది: సుమారు 99,600. దాదాపు 400 రూపాయల తేడా. 995 కడ్డీకి 999 ధర అడిగితే ఆ 400 అనవసరంగా పోయినట్టే.

నగల తయారీలో ఈ తేడా ఇంకో రూపంలో బయటపడుతుంది. 22 క్యారెట్ల నగకు 916 పాళ్ల బంగారం ఉండాలి. 100 గ్రాముల మిశ్రమం కోసం కంసాలి 91.6 గ్రాముల కడ్డీ తీసుకుని 8.4 గ్రాముల రాగి, వెండి కలిపాడనుకుందాం. కడ్డీ 999 అయితే మిశ్రమం 915 దగ్గర ఆగుతుంది. 995 అయితే 91.6 గ్రాముల్లో అసలు బంగారం 91.14 గ్రాములే కాబట్టి మిశ్రమం 911కి దిగిపోతుంది. హాల్‌మార్క్ ప్రమాణంలో 916కు తగ్గడానికి వెసులుబాటు లేదు. సరైన లెక్క: 91.6ను కడ్డీ స్వచ్ఛతతో భాగించాలి. 999 కడ్డీ అయితే 91.69 గ్రాములు, 995 అయితే 92.06 గ్రాములు వేయాలి, మిగతాది రాగి, వెండి. అనుభవం ఉన్నవాళ్లు పోతలో తేడాలకు భయపడి ఇంకొంచెం ఎక్కువే వేస్తారు.

ఇంకో సంగతి ముద్ర చెప్పదు. 995లో మిగిలిన 5 పాళ్లు ఏమిటన్నది. వెండి, రాగి అయితే ఇబ్బంది లేదు, ఎలాగూ కలిపేవే. సీసం జాడ ఉంటే మాత్రం బంగారం పెళుసై, రేకు సాగదీస్తుంటే అంచులు పగులుతుంది. పాత నగలు, టంకం ముక్కలు కరిగించి పోసిన కడ్డీల్లో ఈ ముప్పు ఎక్కువ.

చూపుతోగాని, గీటురాయితోగాని 999, 995లను విడదీయలేరు. నీళ్లలో తూచి సాంద్రత కట్టినా తేడా అర శాతం కన్నా తక్కువే, సూక్ష్మమైన తక్కెడ ఉంటే తప్ప అందదు. దుకాణాల్లోని ఎక్స్-రే యంత్రం పైపొరను మాత్రమే చదువుతుంది, ఈ స్థాయిలో దాని అంకె నమ్మదగింది కాదు. తేల్చేది మచ్చు పరీక్షే. కడ్డీ నుంచి చిన్న ముక్క తీసి సీసం, వెండితో కలిపి పుటం వేస్తారు. సీసం, రాగి మూసలో ఇంకిపోతాయి. మిగిలిన గుండును రేకుగా కొట్టి నత్రికామ్లంలో వేస్తే వెండి కరిగి బంగారం మిగులుతుంది. దాన్ని తూచి మొదటి బరువుతో పోలుస్తారు. కడ్డీ కొనేవారు రోజూ ఈ పరీక్ష చేయించలేరు గనుక, శుద్ధి చేసిన సంస్థ ముద్ర, వరుస సంఖ్య, బరువు, స్వచ్ఛత నాలుగూ కడ్డీ మీదా ధ్రువపత్రం మీదా ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుంటారు.